పిల్లల కోసం గుణకారం షార్ట్: ఏ చిట్కా తీసుకోవాలి, తెర మీద అంకెల్ని ఎలా నడిపించాలి

రెండంకెల గుణకారానికి చిట్కాలకు కొదవ లేదు. నిమిషంలోపు నిలువు వీడియోలో, ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు కనిపించేలా చూపాలంటే మాత్రం అన్నీ పనికిరావు. షార్ట్ చేద్దామని కూర్చున్న టీచరుకైనా, తల్లిదండ్రులకైనా ముందు తట్టేవి ఐదు. 11తో హెచ్చించడం. పదుల అంకె ఒకటే ఉండి, ఒకట్లు కలిపితే పది అయ్యే జతలు (35×35, 43×47 లాంటివి). 100కి దగ్గరగా ఉన్న సంఖ్యలు (97×94). ఏ రెండంకెల సంఖ్యలకైనా నడిచే అడ్డ గుణకారం (23×41). గీతలు గీసి కూడళ్లు లెక్కపెట్టే పద్ధతి.

మా ఎంపిక ముందే చెప్పేస్తాం. 4, 5 తరగతుల పిల్లలకైతే 11. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివేవాళ్లకైతే 100కి దగ్గరి సంఖ్యలు. ఒకట్లు కలిపితే పది అయ్యే జతలు, వర్గాలు నేర్చుకుంటున్న క్లాసుకు బాగుంటాయి. అడ్డ గుణకారం మంచి పద్ధతే గానీ నిమిషంలో ఇమడదు. గీతలు వద్దు.

ఎందుకలా అంటే, షార్ట్‌కి చిట్కా ఎంచుకునేటప్పుడు అది ఎంత వేగంగా ఉందని కాదు, ఎక్కడ తప్పుతుందని చూడాలి. ప్రతి చిట్కాలోనూ పిల్లలు జారిపడే చోటు ఒకటి ఉంటుంది. ఒకదాంట్లో పైకి ఎక్కించాల్సిన 1, ఇంకోదాంట్లో మధ్యలో పెట్టాల్సిన సున్నా. ఆ చోటును కూడా అదే షార్ట్‌లో చూపించగలిగితే ఆ చిట్కా తీసుకోవచ్చు. దాన్ని రెండో భాగానికి వాయిదా వేయాల్సి వస్తే ఆ చిట్కా షార్ట్‌కి సరిపోదు. మొదటి భాగం చూసినవాళ్లందరూ రెండోది చూస్తారన్న నమ్మకం లేదు కదా.

11తో హెచ్చించడం

43×11 అందరికీ తెలిసిందే. 4ని, 3ని ఎడంగా జరిపి, మధ్యలో వాటి మొత్తం 7 పెడితే 473. దీనితో ఆగిపోయే వీడియోలే ఎక్కువ. అక్కడే చిక్కు. పిల్లవాడు మర్నాడు 78×11 చేయబోతాడు. 7కీ 8కీ మధ్య 15 పెట్టి 7158 అని రాస్తాడు. చిట్కా చెప్పినట్టే చేశాడు, జవాబు మాత్రం తప్పు.

ఇది అరుదుగా వచ్చే ఇబ్బంది అనుకోవద్దు. 10 నుంచి 99 వరకు ఉన్న 90 సంఖ్యల్లో, రెండు అంకెల మొత్తం పది గానీ అంతకంటే ఎక్కువ గానీ అయ్యేవి 45. పదుల స్థానంలో 1 ఉంటే అలాంటిది ఒక్కటే (19), 2 ఉంటే రెండు (28, 29), అలా పెరుగుతూ 9 ఉంటే తొమ్మిది. అన్నీ కూడితే 45. అంటే సరిగ్గా సగం. 43 మాత్రమే చూపించిన షార్ట్ సగం చిట్కానే చెప్పినట్టు.

ఊరట ఏమిటంటే, ఆ మిగతా సగం చూపడానికి పాతిక సెకన్లు చాలు. కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. కూడికలో పిల్లలు రోజూ చేసేదే, 15లో 5 వేసి 1 పక్క స్థానానికి ఎక్కించడం. ఎందుకు పనిచేస్తుందో చూపడం కూడా చిన్న పనే. 11 అంటే 10, 1 కలిసినవి కాబట్టి, 78×11 అంటే 780కి 78 కలపడం. ఆ రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాస్తే ఒకట్లలో 8 ఒంటరిగా, వందల్లో 7 ఒంటరిగా ఉంటాయి. పదుల దగ్గర 8, 7 కలుస్తాయి. మధ్యలో మొత్తం ఎందుకు పెడుతున్నామో మాటల్లో చెప్పే పనే ఉండదు.

దీని పరిమితి కూడా అంతే స్పష్టం. గుణకం 11 అయితేనే నడుస్తుంది. 12కి, 13కి ఇలాగే చేయొచ్చని పిల్లలు అనుకోకుండా, మొదటి ఫ్రేమ్‌లో 11ని వేరే రంగులో పెట్టండి.

100కి దగ్గరి సంఖ్యలు

97×94 తీసుకుందాం. 97కి 100 కావడానికి లోటు 3. 94కి లోటు 6. ఒక సంఖ్యలోంచి రెండోదాని లోటు తీసేయాలి: 97−6=91. కావాలంటే 94−3 చేయండి, అదీ 91. లోటులు రెండూ హెచ్చిస్తే 18. పక్కపక్కన పెడితే 9118.

తెర మీద ఇది 11 కంటే అందంగా వస్తుంది. లోటులు కుడి పక్కన నిలబడతాయి, ఐమూలగా ఒక బాణం, కింద ఒక నిలువు బాణం, అంతే. పైగా 91 రెండు దారుల్లో వస్తుంది కాబట్టి పిల్లలు తమ తీసివేతను అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. మిగతా చిట్కాల్లో ఈ సౌకర్యం లేదు.

తప్పు జరిగేది కుడి సగంలో. 98×97లో లోటులు 2, 3. ఎడమ సగం 95, లోటుల లబ్ధం 6. పిల్లలు 956 అని రాస్తారు. అసలు జవాబు 9506. కుడి సగానికి ఎప్పుడూ రెండు గళ్లు ఉంటాయి, ఒక్క అంకే వస్తే ముందు సున్నా పెట్టాలి. ఎందుకంటే ఎడమ పక్క ఉన్నది 95 కాదు, 95 వందలు. అందుకే వాయిస్‌లో 'తొంభై ఐదు, ఆరు' అని చదవకండి. 'తొంభై ఐదు వందలు, దానికి ఆరు' అనండి. తెర మీద కూడా జవాబు రాకముందే నాలుగు ఖాళీ గళ్లు గీసి ఉంచితే, సున్నా పెట్టాల్సిన గడి ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది.

రెండో తప్పు 100కి దూరం జరిగినప్పుడు. 88×87లో లోటులు 12, 13. ఎడమ సగం 75, లోటుల లబ్ధం 156. రెండు గళ్లలో మూడు అంకెలు పట్టవు, అందుకే 7500కి 156 కలిపి 7656 తేల్చాలి. ఇది ఈ షార్ట్‌లో పెట్టకండి. పెట్టకుండా తప్పించుకునే దారి ఉంది: వీడియో పేరులోనే '91 నుంచి 99 వరకు' అని రాసేయండి. ఆ హద్దులో పెద్ద లోటు 9, లబ్ధం 81కి మించదు, కుడి సగం రెండు గళ్లు ఎన్నడూ దాటదు. హద్దు చెప్పిన చిట్కా ఆ హద్దులో ఎప్పుడూ తప్పదు. హద్దు చెప్పకపోతే 62×58కి కూడా ఎవరో ఒకరు ప్రయత్నిస్తారు. అప్పుడు లోటులు 38, 42 వస్తాయి, వాటిని హెచ్చించడం అసలు లెక్కంత కష్టం.

చిన్న తరగతులకు ఇది ఎందుకు వద్దన్నామంటే, 100లోంచి తీసివేయడం నోటిలెక్కగా రానివాళ్లకు మొదటి మెట్టే ఎత్తుగా ఉంటుంది. 94కి ఎంత కలిపితే 100 అవుతుందో వేళ్ల మీద లెక్కపెట్టే లోపు వీడియో ముందుకు వెళ్లిపోతుంది.

ఈ పద్ధతిని 'వేద గణితం' అనీ, 'నిఖిలం' సూత్రం అనీ పరిచయం చేయడం పరిపాటి. ఆ పేర్లతో వీటిని ప్రచారంలోకి తెచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో పూరీ పీఠాధిపతిగా ఉన్న భారతీకృష్ణ తీర్థ. షార్ట్‌లో సూత్రం చదివి వినిపించడానికి పట్టే ఐదారు సెకన్లు, సున్నా గడిని నిలిపి చూపించడానికి ఉపయోగపడతాయి. మేమైతే రెండోదానికే ఖర్చు పెడతాం.

ఒకట్లు కలిపితే పది అయ్యే జతలు

35×35 అంటే, పదుల అంకెను దాని తర్వాతి సంఖ్యతో హెచ్చిస్తే 3×4=12, పక్కన ఒకట్ల లబ్ధం 5×5=25, జవాబు 1225. ఇది చూపించి ఆపితే పనికొచ్చే రెండంకెల సంఖ్యలు తొమ్మిదే: 15, 25, అలా 95 వరకు. అదే శ్రమతో 43×47 చూపిస్తే చిట్కా పరిధి పెరుగుతుంది. 4×5=20, 3×7=21, జవాబు 2021. పదుల అంకె ఒకటే అయి, ఒకట్ల మొత్తం పది కావాలి, అంతే షరతు. ఒక్కో పదుల అంకెకూ ఐదు జతలు, మొత్తం 45. (91 నుంచి 99 వరకు ఉన్న సంఖ్యల్లో తీయగలిగే జతలు కూడా లెక్కపెడితే 45 వస్తాయి. కాకతాళీయమే, కానీ రెండు చిట్కాల పరిధీ ఒకటేనని తెలుస్తుంది.)

ఇక్కడ కూడా తప్పు సున్నా దగ్గరే. 61×69లో 6×7=42, 1×9=9. జవాబు 429 కాదు, 4209. ఒకట్లలో 1, 9 ఉన్న జతకు మాత్రమే ఇది వస్తుంది. మిగతా జతల లబ్ధాలు 16, 21, 24, 25. అందుకే షార్ట్‌లో రెండు ఉదాహరణలకే చోటుంటే మొదటిది 43×47, రెండోది 61×69 కావాలి.

కారణం చూపడానికి బొమ్మ ఉంది, అందుకే ఈ చిట్కా మీద మాకు కొంచెం పక్షపాతం. 47 వెడల్పు, 43 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం గీయండి. దిగువన 40 ఎత్తు వదిలి, పైన ఉన్న 3 ఎత్తు పట్టీలోంచి 40 పొడవు ముక్క కత్తిరించండి. దాన్ని నిలబెట్టి పక్కన అతికిస్తే కింద భాగం 40×50 అవుతుంది, అంటే 2000. పైన మిగిలిన చిన్న ముక్క 3×7, అంటే 21. ముక్క కదిలి పక్కకు చేరడం ఎనిమిది సెకన్ల యానిమేషన్. అయితే వైశాల్యం అంటే ఏమిటో తెలిసిన పిల్లలకే అది అర్థమవుతుంది. చిన్నవాళ్లకు వట్టి రంగుల బొమ్మ.

అడ్డ గుణకారం, గీతలు

23×41ని అడ్డ గుణకారంలో చేస్తే ఒకట్లు 3×1=3, మధ్య భాగం 2×1, 3×4 కలిపి 14, వందలు 2×4=8. 8, 14, 3 వరసగా పెట్టి 14లోని 1ని 8కి ఎక్కిస్తే 943. ఏ రెండంకెల సంఖ్యలకైనా నడుస్తుంది కాబట్టి నిజానికి నేర్చుకోదగ్గది ఇదే. కానీ నాలుగు గుణకారాలు, ఒక కూడిక, ఒక ఎక్కింపు ఉన్నాయి. ఒక్కోదానికి మూడు సెకన్లు నిలిపి, ఎక్కింపు లేని ఉదాహరణ ఒకటి (21×13=273), ఉన్నది ఒకటి, కారణం చూపడం కలిపితే నిమిషం దాటిపోతుంది. యూట్యూబ్ షార్ట్స్ 2024 అక్టోబరు నుంచి మూడు నిమిషాల వరకు అనుమతిస్తున్నాయి కాబట్టి, రెండు నిమిషాల వీడియోగా విడిగా చేయండి. వేగం పెంచి నిమిషంలో కుక్కితే పిల్లలకు మిగిలేది అడ్డంగా కదిలిన బాణాలే.

గీతల పద్ధతి 12×13కి చూడముచ్చటగా ఉంటుంది. 87×96కి అదే చేయబోతే, ఒక్కో అంకెకు అన్ని గీతల చొప్పున ఒక వైపు 15 గీతలు, ఇంకో వైపు 15 గీతలు, లెక్కపెట్టాల్సిన కూడళ్లు 225. ఎక్కాలు వచ్చిన పిల్లవాణ్ణి మళ్లీ చుక్కలు లెక్కపెట్టే దగ్గరికి తీసుకెళ్లడమే అది. చూసేవాళ్లు వస్తారేమో గానీ, పరీక్ష పేపర్ మీద ఎవరికీ పనికిరాదు.

ఉదాహరణకు ఏ అంకెలు తీసుకోవాలి

చిట్కా కుదిరాక చాలా వీడియోలు చెడేది ఇక్కడ. 44×11 తీసుకుంటే తెర మీద కదిలిన 4 ఏ 4నో తెలియదు. 55×55లో '5×6=30, 5×5=25' అన్నప్పుడు ఏ 5 పదులదో, ఏ 5 ఒకట్లదో కనిపెట్టలేం. 98×98లో లోటు ఒకటే కాబట్టి ఏది ఎందులోంచి తీశామో తేలదు. నియమం ఒక్కటే: ఉదాహరణలోని అంకెలన్నీ వేరువేరుగా ఉండాలి, మధ్యలో వచ్చే మొత్తాలు కూడా అసలు అంకెలతో కలవకూడదు. 43×11లో 4, 3, 7. 78×11లో ఎక్కింపు అయ్యాక 7 కాస్తా 8 అయి, చివర ఉన్న 8తో కలుస్తుంది, జవాబు 858 అవుతుంది. ఆ చిన్న లోపం ఇష్టం లేకపోతే 67×11 తీసుకోండి, కానీ అక్కడా 737లో రెండు 7లు వస్తాయి. 68×11 అయితే 6, 8 మధ్య 14, జవాబు 748, మూడు అంకెలూ వేరు. అందుకే కింది నమూనాలో 68 తీసుకున్నాం.

91×11 మొదటి షార్ట్‌లో వద్దు. 9+1=10, మధ్యలో 0, ఎక్కించిన 1తో 9 కాస్తా 10 అయి జవాబు 1001. ఒకేసారి రెండు ఎక్కింపులు. పదుల స్థానంలో 9 ఉన్న సంఖ్యల్లో 90 తప్ప అన్నీ నాలుగంకెల జవాబులే ఇస్తాయి.

11 షార్ట్, సెకన్ల వారీగా

మొత్తం 50 సెకన్లు. 'హాయ్ పిల్లలూ, ఈ రోజు మనం' అని మొదలుపెట్టకుండా, మొదటి ఫ్రేమ్‌లోనే 43×11 పెద్దగా ఉండాలి. పదుల అంకె నీలం, ఒకట్ల అంకె ఆకుపచ్చ, చివరి దాకా అదే రంగు. మధ్యలో చేరేది నారింజ.

మొదటి నాలుగు సెకన్లు లెక్క మాత్రమే. తర్వాత 11 మసకబారుతుంది, 4, 3 ఎడంగా జరిగి మధ్యలో ఖాళీ గడి కనిపిస్తుంది. పన్నెండో సెకను దగ్గర కింద చిన్నగా 4+3=7 వస్తుంది, ఆ 7 లేచి గడిలో కూర్చుంటుంది. 473. పదిహేడో సెకనుకు ఈ లెక్క చిన్నదై తెర పైభాగానికి చేరుతుంది. చెరిపేయకూడదు, తర్వాతి లెక్కతో పోల్చి చూడటానికి అది అక్కడే ఉండాలి.

ఇరవయ్యో సెకను నుంచి 68×11. తెర మీద వరసగా కనిపించాల్సినవి ఇవి:

```
68 × 11
6  _  8
6 + 8 = 14
6  4  8     (పైన 6 మీద +1)
7  4  8
```

మూడో వరస దగ్గర, 14 కనిపించగానే, రెండు సెకన్లు ఏమీ కదలకూడదు. వాయిస్ కూడా ఆగాలి. గడి ఒకటే, అంకెలు రెండు అన్న ఇబ్బందిని పిల్లలు తమంతట తాము గమనించే సమయం అది. తర్వాత 14 రెండుగా విడిపోయి, 4 గడిలోకి దిగుతుంది, 1 ఎర్రగా మారి 6 తల మీదికి ఎగురుతుంది. 6 అక్కడే 7గా మారాలి. 6ని మాయం చేసి వేరే చోట 7 తెస్తే ఆ 7 ఎక్కడిదో అర్థం కాదు.

నలభయ్యో సెకనుకు 748 నిలబడుతుంది. చివరి పది సెకన్లలో ఏడు కారణానికి, మూడు పిల్లలు చేయాల్సిన లెక్కకు.

```
  6 8 0
+   6 8
-------
  7 4 8
```

ఇక్కడ కూడా రంగులు అవే ఉండాలి. 680లోని 8 ఒకట్ల అంకె కాబట్టి ఆకుపచ్చ, 68లోని 6 నీలం. పదుల నిలువు వరసలో ఆ రెండు రంగులూ కలవడమే మధ్య గడి రహస్యం. రంగులు ఇక్కడ మారిస్తే పైన చేసిన శ్రమంతా వృథా.

కాగితమా, స్లయిడ్లా

అంకెలు కదలాల్సిన చిట్కాకు స్లయిడ్లు, బాణాలు గీయాల్సిన చిట్కాకు కాగితం. 11 చిట్కాలో 6, 8 ఎడంగా జరగాలి, 1 ఎగరాలి. కాగితం మీద అవి జరగవు, మళ్లీ మళ్లీ రాయాల్సి వస్తుంది. 97×94కి కాగితం చక్కగా సరిపోతుంది. చేయి గీసే బాణాన్ని కన్ను ఇట్టే అనుసరిస్తుంది.

పవర్‌పాయింట్‌లో చేసేవాళ్లు స్లయిడ్‌ను నిలువుగా 9:16కి మార్చుకోండి, వెడల్పు 7.5 అంగుళాలు, ఎత్తు 13.333. ఒక్కో అంకెకూ ఒక్కో టెక్స్ట్ బాక్స్ ఉండాలి. '68' మొత్తం ఒకే బాక్సులో టైప్ చేస్తే అవి విడిపోవు. స్లయిడ్‌ని డూప్లికేట్ చేసి, అందులో అంకెల్ని కొత్త చోటికి జరిపి, మార్ఫ్ ట్రాన్సిషన్ పెడితే అవి వాటంతట అవే కదులుతాయి. ఒక్కోసారి 6 వెళ్లాల్సిన చోటికి 8 వెళ్తుంది. సెలక్షన్ పేన్‌లో ఆ బాక్సుల పేర్లకు ముందు రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి, రెండు స్లయిడ్లలోనూ ఒకే పేరు ఉంచితే (`!!padulu`, `!!okatlu` లాగా) తికమక పోతుంది. వీడియోగా సేవ్ చేశాక ఫైల్ కొలత 1080×1920 ఉందో లేదో చూసుకోండి.

కాగితం మీద తీసేటప్పుడు వచ్చే ఇబ్బందులు వేరు. కుడిచేత్తో రాసేవాళ్ల అరచేయి సరిగ్గా లోటులు రాసే కుడి వైపునే కప్పేస్తుంది. ఒక్కో అంకె రాశాక చేయి ఫ్రేమ్ బయటికి తీసి, ఒక సెకను ఆగి మళ్లీ రావాలి. చేయి రాగానే వెలుతురు మారి కాగితం ఒకసారి తెల్లగా, ఒకసారి బూడిదగా కనిపిస్తే, ఫోన్ కెమెరాలో కాగితం మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. బాల్ పెన్ను వద్దు, లావు స్కెచ్ పెన్ను వాడండి.

రెండింటికీ ఒకే జాగ్రత్త: షార్ట్ చూసేటప్పుడు కుడి అంచున లైక్, షేర్ బటన్లు, కింద ఛానల్ పేరు, వీడియో పేరు వచ్చి కూర్చుంటాయి. ఒకట్ల అంకె సరిగ్గా బటన్ల కిందికి పోతుంది. అంకెలన్నీ తెర మధ్యలోనో, కాస్త పైననో ఉంచి, కింది పావు భాగం ఖాళీగా వదిలేయండి.

సరిచూసుకోవడానికి ఏది చూపాలి

చాలామంది చివర్లో అంకెల మొత్తంతో, అంటే తొమ్మిదులు కొట్టేసే పద్ధతితో సరిచూపిస్తారు. ఈ చిట్కాలకు అది పనికిరాదు. 68×11కి పిల్లలు రాసే తప్పు జవాబు 6148. అంకెలు కూడితే 19, మళ్లీ కూడితే 10, ఆఖరికి 1. సరైన 748కి కూడా 19, 10, 1. తప్పూ ఒప్పూ రెండూ పాసవుతాయి. 956కీ 9506కీ మొత్తం ఒకటే, 429కీ 4209కీ ఒకటే. కారణం సులువు: పిల్లలు చేసే తప్పు అంకెలో కాదు, స్థానంలో. సున్నా పోయినా, ఎక్కించాల్సిన 1 పక్కనే ఉండిపోయినా అంకెల మొత్తం తొమ్మిదుల లెక్కలో మారదు.

దానికి బదులు ఉజ్జాయింపు చూపించండి. 68×10 అంటే 680, కాబట్టి జవాబు ఏడెనిమిది వందల మధ్య ఉండాలి, ఆరు వేలు ఎలా అవుతుంది? 98×97 అంటే పది వేలకు కాస్త తక్కువ, 956 ఎలా అవుతుంది? ఇది మూడు సెకన్లలో తెర మీద పట్టేస్తుంది, మూడు చిట్కాల్లోని స్థానం తప్పుల్నీ పట్టుకుంటుంది. పెద్ద తరగతులకైతే 11 భాజనీయత సూత్రం కూడా వాడొచ్చు. 748లో 7−4+8=11, 11తో భాగించబడుతుంది. 6148లో 6−1+4−8=1, భాగించబడదు.

ఆఖరి ఫ్రేమ్‌లో మూడు లెక్కలు వదలండి: 52×11, 67×11, 95×11. మొదటిది ఎక్కింపు లేనిది (572), రెండోది ఉన్నది (737). మూడోదాంట్లో 9+5=14, 9 మీదికి 1 ఎక్కి 10 అవుతుంది, జవాబు 1045. షార్ట్‌లో చూపించని మెట్టు అది. మీరు చేసేది నాలుగో తరగతికైతే మూడోది తీసేయండి. ఐదో తరగతికైతే ఉంచి, జవాబులు వీడియో వివరణలో రాయండి.